కాల్ సెంటర్ బల్ల మీద అతికించే షార్ట్‌కట్ల కాగితం: ఏ పది ఉంచాలి?

రాత్రిపాళీ_సారథి
హైదరాబాదులో ఒక బ్రాడ్‌బ్యాండ్ సేవకు ఫిర్యాదులు తీసుకునే కాల్ సెంటరులో నేను టీమ్ లీడర్‌ను. నా టీములో 18 మంది ఏజెంట్లు ఉన్నారు. రెండేళ్ల కిందట ఎవరో రెండు వైపులా 42 కీబోర్డు షార్ట్‌కట్లు అచ్చు వేయించి, లామినేషన్ చేయించి అందరి బల్లల మీదా పెట్టారు. ఇప్పుడు అది నీళ్ల సీసా కింద మరక పడకుండా వేసుకునే అట్టగా మాత్రమే పనికొస్తోంది. ఈ నెలలో దానిని తీసేసి పది షార్ట్‌కట్లతో కొత్త కాగితం వేయించమని మేనేజరు చెప్పారు.

నా చిక్కు ఆ పదిని ఎంచుకోవడంలోనే ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే ప్రతి జాబితా కాపీ, పేస్ట్, అన్‌డూలతో మొదలవుతుంది. అవి మా వాళ్లలో రాని వారు లేరు. మేము వాడేది విండోస్ 11. క్రోమ్‌లో ఎప్పుడూ ఆరు ట్యాబులు తెరిచి ఉంటాయి: కస్టమర్ ఖాతా, బిల్లింగ్, లైన్ టెస్ట్, టికెట్లు, నాలెడ్జ్ బేస్, మెయిల్. వీటికి తోడు విడిగా ఒక సాఫ్ట్‌ఫోన్, షిఫ్టు వివరాలు రాసే ఒక ఎక్సెల్ ఫైలు ఉంటాయి. మీరైతే ఏ పది ఉంచుతారు, ఏ లెక్కన ఉంచుతారు?

టెక్‌తమ్ముడు_గుంటూరు
ఇందులో పెద్దగా ఆలోచించవలసినది ఏమీ లేదు. `Ctrl+C`, `Ctrl+V`, `Ctrl+X`, `Ctrl+Z`, `Ctrl+A`, `Ctrl+S`, `Ctrl+F`, `Alt+Tab`, `Win+V`, `Win+Shift+S`. ప్రపంచమంతా ఎక్కువగా వాడేవి ఇవే కాబట్టి మీ టీముకూ ఇవే పనికొస్తాయి. వీటిలో `Win+V` ఒక్కటి నేర్పినా చాలు, ఇంతకు ముందు కాపీ చేసిన 25 అంశాల దాకా వరుసగా కనిపిస్తాయి. మా ఆఫీసులో అది తెలిసిన రోజున నేను హీరోనయ్యాను.

పాతహెడ్‌సెట్
తమ్ముడు గారి జాబితాలో మొదటి ఆరూ అందరికీ వచ్చినవే. వాటిని అచ్చు వేస్తే పదిలో ఆరు గళ్లు ఖర్చయిపోతాయి. పైగా, తెలిసిన విషయాలే పై వరుసలో కనిపిస్తే చదివేవాడు మిగతావీ తనకు తెలిసినవే అనుకుని కాగితం నుంచి కళ్లు తిప్పేసుకుంటాడు. సారథి గారి 42 షార్ట్‌కట్ల అట్ట నీళ్ల సీసా కిందికి చేరింది అందుకేనని నా అనుమానం.

నేను పదకొండేళ్లు ఫ్లోర్ మీద ఉండి, తరువాత ట్రైనింగులోకి మారాను. ఇలాంటి కాగితాలు మూడు సార్లు తయారు చేశాను, మొదటి రెండూ విఫలమయ్యాయి. మూడోసారి చేసిన పని చెబుతాను. కంప్యూటరు ముందు కూర్చుని ఆలోచించడం మానేసి, రెండో హెడ్‌సెట్ తగిలించుకుని ఏజెంటు పక్కన కూర్చున్నాను. కాల్ నడుస్తుండగా అతని చెయ్యి కీబోర్డు వదిలి మౌసు మీదికి వెళ్లిన ప్రతిసారీ ఒక గీత గీశాను, ఆ గీత పక్కన ఎందుకు వెళ్లిందో ఒక్క మాటలో రాసుకున్నాను. ఇరవై కాల్స్ చూస్తే చాలు, మీ జాబితా దానంతట అదే బయటికి వస్తుంది. ముగ్గురు నలుగురు వేర్వేరు ఏజెంట్లను చూడండి. మీ టీములో అందరికన్నా వేగంగా పని చేసే అమ్మాయి దగ్గరే కూర్చుంటే, ఆమెకు ఇప్పటికే తెలిసినవన్నీ మీ లెక్కలో కనిపించకుండా పోతాయి.

సుబ్బులు_డెస్క్‌టాప్
దీనికి ఇంత తంటా దేనికో నాకు అర్థం కాలేదు. కావలసిన ప్రోగ్రాం మీద కుడి క్లిక్ చేసి డెస్క్‌టాప్ మీదికి పంపితే మూలన చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్ తయారవుతుంది. అలా పది పెట్టుకుంటే సరిపోతుంది కదా, దానికి అచ్చు వేయించడం ఎందుకు?

రాత్రిపాళీ_సారథి
సుబ్బులు గారూ, మీరు చెప్పేది డెస్క్‌టాప్ మీద పెట్టే గుర్తుల గురించి. నేను అడిగింది రెండు మూడు మీటలు కలిపి నొక్కే వాటి గురించి.

పాతహెడ్‌సెట్ గారూ, గీతల పద్ధతి బాగుంది కానీ గీతలు ఎక్కువ ఉన్నదే ఎక్కువ ముఖ్యమని ఎలా నిర్ణయిస్తాము? రోజుకు వంద సార్లు చేసే చిన్న పని గొప్పదా, ఒక్కసారి చేసే పెద్ద పని గొప్పదా?

పాతహెడ్‌సెట్
గీతల సంఖ్యను ఆదా అయ్యే సెకన్లతో గుణించాలి. సెకన్లకు ఊహ అవసరం లేదు. స్టువర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు 1980లో ప్రకటించిన కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి. చెయ్యి కీబోర్డు నుంచి మౌసుకు గానీ మౌసు నుంచి కీబోర్డుకు గానీ మారడానికి 0.4 సెకను, తెర మీద ఒక చోటును గురి చూసి అక్కడికి చేరడానికి సగటున 1.1 సెకను, ఒక మీట నొక్కడానికి ఓ మాదిరి వేగం ఉన్నవారికి సుమారు 0.2 నుంచి 0.3 సెకను పడుతుందని వారు లెక్క కట్టారు.

మీ ట్యాబులనే తీసుకోండి. మౌసు మీదికి వెళ్లడం 0.4, ట్యాబును గురి చూడడం 1.1, క్లిక్కు 0.2, తిరిగి కీబోర్డుకు రావడం 0.4, మొత్తం 2.1 సెకన్లు. అదే పని `Ctrl+2` తో చేస్తే రెండు మీటలకు కలిపి అర సెకను. అంటే ఒక్కోసారి దాదాపు 1.6 సెకన్లు మిగులుతాయి.

అదే లెక్కలో ఇంకో అంకె ఉంది, దానిని అందరూ మరిచిపోతారు. తరువాత ఏమి చెయ్యాలో గుర్తు తెచ్చుకోవడానికి మనసు తీసుకునే సమయం 1.35 సెకన్లు. ఏ మీట నొక్కాలో తడుముకుంటూ ఆలోచించే ఏజెంటుకు ఆ 1.6లో మిగిలేది ఏమీ ఉండదు. ఇక తల తిప్పి కాగితం చూసి రావాలంటే మౌసే వేగంగా ఉంటుంది. కాబట్టి ఈ కాగితం చూసుకుంటూ పని చేయడానికి కాదు, వేళ్లకు అలవాటయ్యే వరకు రెండు మూడు వారాలు ఎదురుగా ఉండడానికి. రోజుకు నాలుగైదు సార్లయినా వాడని మీటలు ఎన్నటికీ అలవాటు కావు, అందువల్ల అవి కాగితం మీద ఉండి ప్రయోజనం లేదు.

కాగితం_నిషేధం
మధ్యలో కలగజేసుకుంటున్నందుకు మన్నించండి. నేను ఇలాంటి ఫ్లోర్లను తనిఖీ చేసే సెక్యూరిటీ విభాగంలో పని చేస్తాను. ముందు అసలు మీ ఫ్లోర్ మీద కాగితం ఉంచనిస్తారో లేదో కనుక్కోండి. కార్డు వివరాలు వినే చోట్ల పెన్నూ కాగితమూ లోపలికి తీసుకురానివ్వరు. అలాంటి చోట బల్ల మీద విడిగా పడి ఉన్న ప్రతి కాగితమూ తనిఖీలో తప్పుగానే నమోదవుతుంది. మా దగ్గర ఒక దారి ఉంది: అచ్చు వేసినది, వెనుక వైపు రాయడానికి వీలు లేనట్లు మానిటరుకు అతికించినది, ఆమోదం ముద్ర ఉన్నది అయితే అనుమతిస్తాము.

రెండో విషయం `Win+V`. కాపీ చేసినవన్నీ దాచే సౌకర్యం కస్టమర్ల ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు చేతులు మారే చోట ప్రమాదం. యంత్రాన్ని తిరిగి మొదలుపెడితే పిన్ చేసినవి తప్ప మిగతావి పోతాయనేది నిజమే, కానీ కాల్ సెంటరులో యంత్రాలను రోజూ ఆపి మొదలుపెట్టేవారెవరు? ఒకే లాగిన్‌తో మూడు షిఫ్టులు నడిచే చోట, రాత్రి వాడు కాపీ చేసిన నంబరు పొద్దుటి వాడికి కనిపిస్తుంది.

టెక్‌తమ్ముడు_గుంటూరు
ఎవరి లాగిన్ వారికి ఉంటే ఆ సమస్య రాదు కదా? కాపీ చేసిన అంశాల జాబితా ఆ యూజర్ ఖాతాకే పరిమితం. ఒకే లాగిన్ పంచుకోవడమే అసలు తప్పు, షార్ట్‌కట్ ఏమి చేసింది?

కాగితం_నిషేధం
తప్పు అక్కడే ఉందని ఒప్పుకుంటాను. అయినా మేము గ్రూప్ పాలసీలో `Allow Clipboard History` ను ఆపేశాము. ఆపేసిన దానిని అచ్చు వేస్తే ఏజెంటు నొక్కి చూస్తాడు, అది పని చేయదు, ఆ తరువాత కాగితంలో మిగతా వాటినీ నమ్మడు. సారథి గారు తమ ఐటీ వారిని అడిగిన తరువాతే దీని గురించి ఆలోచించడం మంచిది.

రాత్రిపాళీ_సారథి
మూడు రాత్రులు, నలుగురు ఏజెంట్ల పక్కన కూర్చుని 20 కాల్స్ చూశాను. నిజం చెప్పాలంటే మొదటి రాత్రి వాళ్లు నన్ను చూసి బిగుసుకుపోయారు, రెండో రాత్రి నుంచే మామూలుగా పని చేశారు. గీతలు ఇలా వచ్చాయి.

ట్యాబు మార్చడానికి మౌసు మీదికి వెళ్లినది 164 సార్లు. ఫారంలో ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లడానికి 118. డ్రాప్‌డౌన్ తెరిచి ఎంచుకోవడానికి 57. సాఫ్ట్‌ఫోన్‌కూ క్రోమ్‌కూ మధ్య తిరగడానికి 46. మౌసు కాకపోయినా, నోట్సులో తప్పు పడిన మాటను చెరపడానికి ఒక్కో అక్షరం వెనక్కి కొడుతూ పోయినవి 39. మెయిల్ నుంచి తెచ్చి అతికించిన దాని రంగు, సైజు సరిచేయడానికి 31. నాలెడ్జ్ బేస్ పేజీలో కావలసిన చోటు వెతుకుతూ కిందికీ పైకీ తిప్పడానికి 23. పొరపాటున ట్యాబు మూసేసి మళ్లీ తెరవడానికి 3. అడ్రసు బార్ మీద క్లిక్ చేసినది రెండే రెండు సార్లు, నేనేమో దానిని మొదటి మూడింటిలో ఒకటిగా అనుకున్నాను.

పాతహెడ్‌సెట్ గారి లెక్క ప్రకారం ఒక్క ట్యాబుల వల్లనే 164 ను 1.6 తో గుణిస్తే 262 సెకన్లు, అంటే కాల్‌కు 13 సెకన్లు మిగలాలి. మేనేజరుకు ఈ అంకె చెబితే ఎగిరి గంతేస్తారు.

హోల్డ్‌లో_ఉన్నాను
దయచేసి ఆ 13 సెకన్ల మాట మేనేజరుకు చెప్పకండి. నేను ఏజెంటును, ఆ అంకె రేపు నా టార్గెట్‌లోంచి కోసేస్తారు. మీ లెక్కలో ఒక పొరపాటు ఉంది. కస్టమరు తన కష్టం చెప్పుకుంటున్న రెండు నిమిషాలలో నేను మౌసుతో ట్యాబు మార్చినా, మీటలతో మార్చినా, కాల్ ఒక్క సెకను కూడా తగ్గదు, ఎందుకంటే ఆయన మాట్లాడడం ఆపేవరకు నేను ఎలాగూ ఆగాలి. నా చేతి వేగం వల్ల సమయం మిగిలేది రెండు చోట్ల మాత్రమే. మొదటిది, “ఒక్క నిమిషం చూసి చెబుతానండీ” అన్న తరువాత అవతలివారు మౌనంగా ఎదురుచూసే సమయం. రెండోది, కాల్ పెట్టేసిన తరువాత నోట్సు రాసి టికెట్టు మూసే సమయం. మీరు గీసిన గీతల్లో ఆ రెండు చోట్ల పడినవి ఎన్నో విడదీసి చూడండి.

పాతహెడ్‌సెట్
ఈ మాట నేను చెప్పవలసింది, మీరు చెప్పారు. నా మూడో కాగితంలో కూడా ఈ పొరపాటు చేశాను.

రాత్రిపాళీ_సారథి
నా గీతల పక్కన సమయం కూడా రాసుకోవడం కలిసివచ్చింది. రికార్డింగులతో సరిచూసి విడదీశాను. 164 ట్యాబు మార్పుల్లో కస్టమరు మౌనంగా ఉన్నప్పుడు గానీ కాల్ ముగిశాక గానీ జరిగినవి 71. వాటిని 1.6 తో గుణిస్తే 114 సెకన్లు, కాల్‌కు ఆరు సెకన్ల లోపే. గడి నుంచి గడికి వెళ్లినవి 118లో 96, డ్రాప్‌డౌన్లు 57లో 52 ఇలాంటి చోట్లే పడ్డాయి, ఎందుకంటే ఫారం నింపేది చివరిలో కదా.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. పొరపాటున ట్యాబు మూసుకుపోయినవి మూడే అయినా, ఖాతా మళ్లీ వెతికి తెరవడానికి ఒకసారి 35, ఒకసారి 40, ఒకసారి 50 సెకన్లు పట్టాయి. మొత్తం 125 సెకన్లు. అంటే 71 ట్యాబు మార్పుల కన్నా ఆ మూడు పొరపాట్లే ఎక్కువ సమయం తిన్నాయి. అన్నీ కస్టమరును హోల్డ్‌లో పెట్టినప్పుడు జరిగినవే. మూసిన ట్యాబును `Ctrl+Shift+T` తిరిగి తెస్తుందని ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ట్యాబుల_తాతయ్య
అయితే ఆ మూడు పొరపాట్లకు షార్ట్‌కట్ కన్నా మంచి మందు ఉంది. ఆరు ట్యాబులనూ పిన్ చేయించండి. క్రోమ్‌లో పిన్ చేసిన ట్యాబు మీద మూసే గుర్తు ఉండదు, కాబట్టి క్లిక్ జారి మూసుకుపోయే అవకాశం పోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. `Ctrl+1` నుంచి `Ctrl+8` వరకు ఎడమ నుంచి లెక్కపెట్టి ఆ వరుస సంఖ్య ఉన్న ట్యాబుకు తీసుకువెళతాయి. పిన్ చేసినవి ఎప్పుడూ ఎడమ వైపే ఉంటాయి, మధ్యలో కొత్త ట్యాబులు తెరుచుకున్నా వాటి వరుస చెదరదు. ఈ పని చేయకుండా `Ctrl+3` బిల్లింగ్ అని అచ్చు వేస్తే, ఒకరి దగ్గర బిల్లింగ్, ఇంకొకరి దగ్గర మెయిల్ తెరుచుకుంటుంది. `Ctrl+9` మాత్రం తొమ్మిదో ట్యాబు కాదు, ఎన్ని ఉన్నా చివరిదానికి వెళుతుంది.

కాబట్టి 18 యంత్రాలలోనూ ఒకే వరుస పెట్టించడం మొదటి పని, అచ్చు వేయించడం రెండో పని. పిన్ చేసిన తరువాత `Ctrl+Shift+T` గడి ఖాళీ చేసుకోవచ్చని నా అభిప్రాయం.

పాతహెడ్‌సెట్
ఆ ఒక్క మాటతో నేను ఏకీభవించను. కస్టమరు ఖాతా కొత్త ట్యాబులో తెరుచుకునే పక్షంలో అది పిన్ అయి ఉండదు, మూసుకుపోయేది కూడా అదే. అయితే ఒక హెచ్చరిక ఉంది. ట్యాబు తిరిగి వస్తుంది కానీ అందులో సగం నింపిన ఫారం కూడా తిరిగి వస్తుందని హామీ లేదు. మీ టికెట్ల పేజీలో ఒకసారి చేసి చూసి, నోట్సు పోతున్నాయో లేదో తెలుసుకున్న తరువాతే ఏజెంట్లకు చెప్పండి.

వైజాగ్_ఇంటినుంచి
నేను విశాఖలో ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ మీద పని చేస్తాను. మా టీముకు ఇచ్చిన కాగితంలో సాఫ్ట్‌ఫోన్‌కు `Win+1` అని ఉండేది. ఆఫీసులో ఉన్న వారికి టాస్క్‌బార్‌లో మొదట పిన్ చేసిన సాఫ్ట్‌ఫోన్ ముందుకు వచ్చేది, నాకేమో నా సొంత ల్యాప్‌టాప్‌లోని వంటల వీడియో ముందుకు వచ్చేది. కస్టమరు లైన్లో ఉండగా సాంబారు పోపు శబ్దం వినిపించిన రోజు కూడా ఉంది.

కారణం రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో ఉంది. `Local Resources` లో `Apply Windows key combinations` అని ఒక ఎంపిక ఉంటుంది. మామూలుగా అది `Only when using the full screen` మీద ఉంటుంది, అంటే తెర నిండా లేనప్పుడు `Win` మీటతో కూడినవీ, `Alt+Tab` కూడా మీ సొంత యంత్రానికే వెళతాయి. `Ctrl+2` లాంటివి మాత్రం ఎప్పుడూ అవతలి యంత్రానికే చేరతాయి. మీ టీములో ఇంటి నుంచి చేసేవారు ఉంటే, ఈ తేడా చూసి కాగితం వేయండి.

రాత్రిపాళీ_సారథి
మా వాళ్లలో ముగ్గురు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేస్తారు. తెర నిండా పెట్టుకోమని చెబుతాను. అసలు సాఫ్ట్‌ఫోన్‌కు `Alt+Tab` సరిపోదా?

ట్యాబుల_తాతయ్య
సరిపోదు. `Alt+Tab` లో వరుస చివరిగా వాడినదానిని బట్టి మారుతూ ఉంటుంది, అందుకని ప్రతిసారీ కన్ను పెట్టి చూడాలి. రెండే కిటికీలు ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, ఎక్సెల్ కూడా తెరిస్తే మూడోదాని దగ్గర తడబాటు మొదలవుతుంది. `Win+1` కి టాస్క్‌బార్‌లో చోటు మారనంత వరకు ఎప్పుడూ ఒకటే అర్థం. వేళ్లకు అలవాటు పడవలసిన దానికి అర్థం మారకూడదు.

హోల్డ్‌లో_ఉన్నాను
డ్రాప్‌డౌన్ల గురించి ఎవరూ మాట్లాడడం లేదు. నాకు ఎక్కువ విసుగు అక్కడే. ఫిర్యాదు రకం అనే గడిలో ముప్పై పేర్లు ఉంటాయి, మౌసుతో కిందికి లాగుతూ పోవాలి. `Tab` తో ఆ గడిలోకి వెళ్లి, `Alt` తో పాటు కింది బాణం నొక్కితే అది తెరుచుకుంటుంది, తరువాత కావలసిన మాట మొదటి రెండు అక్షరాలు కొడితే అక్కడికే వెళ్లి నిలుస్తుంది. ఇది నాకు మా పక్క సీటు అక్క నేర్పింది, ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. తప్పిపోయి ముందుకు వెళితే `Shift+Tab` తో వెనక్కి రావచ్చని కూడా ఆమే చెప్పింది.

పాతహెడ్‌సెట్
ఇది మంచి ఎంపిక, కానీ మీ పేజీలో పని చేస్తుందో లేదో చూడాలి. కొన్ని పేజీలలో డ్రాప్‌డౌన్ బ్రౌజరు ఇచ్చే మామూలు పెట్టె కాకుండా, పేజీ తయారు చేసినవారు సొంతంగా గీసుకున్నది ఉంటుంది. అక్కడ ఈ మీటలకు స్పందన ఉండకపోవచ్చు. మీ ఫారంలో నాలుగు డ్రాప్‌డౌన్లు ఉంటే నాలుగింటినీ నొక్కి చూడండి.

ఇంకో చిన్న అనుభవం. నేను ఇది నేర్పిన రోజున ఒక కుర్రాడు `Alt` బదులు `Ctrl` నూ `Alt` నూ కలిపి కింది బాణం నొక్కాడు. అతనిది పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న యంత్రం, తెర మొత్తం తలకిందులైంది. అతను కూడా తల వంచి, కస్టమరుతో మాట్లాడుతూనే కాల్ పూర్తి చేశాడు. అదే రెండు మీటలతో పై బాణం నొక్కితే తెర నిటారుగా నిలబడుతుంది. మీ దగ్గర అలాంటి యంత్రాలు ఉంటే ఈ సంగతి కాగితం మీద కాకపోయినా మీకు తెలిసి ఉండాలి.

టెక్‌తమ్ముడు_గుంటూరు
నోట్సు పంపడానికి `Ctrl+Enter` కూడా పెట్టండి. చాలా టికెట్ల పేజీలలో అది పని చేస్తుంది.

హోల్డ్‌లో_ఉన్నాను
వద్దండీ. కొత్త వరుస కోసం `Enter` కొట్టబోయి `Ctrl` తగిలి, “కస్టమరు చాలా” అనే రెండు మాటలతో టికెట్టు వెళ్లిపోయిన అనుభవం నాకు ఉంది. ఆ “చాలా” తరువాత ఏముందో చెప్పమని క్వాలిటీ వారు నన్ను పిలిచి అడిగారు. వెనక్కి తీసుకోలేని పనిని వేగంగా చేసే మీటలు ఇలాంటి కాగితం మీద ఉండకూడదు. ట్యాబు మూసే `Ctrl+W` కూడా ఆ కోవలోదే.

రాత్రిపాళీ_సారథి
అందరి మాటలూ కలిపి నేను అనుకున్నవి ఇవి. ట్యాబులకు `Ctrl+1` నుంచి `Ctrl+6` వరకు ఒకే గడి. సాఫ్ట్‌ఫోన్‌కు `Win+1`. గడి ముందుకు `Tab`, వెనక్కి `Shift+Tab`, రెండూ ఒకే గడిగా లెక్కించాను. డ్రాప్‌డౌన్‌కు `Alt` తో కింది బాణం. మా నాలుగు డ్రాప్‌డౌన్లలో మూడింటికి పని చేసింది, నాలుగోదానికి చేయలేదు, ఆ సంగతి కూడా చిన్న అక్షరాలతో రాస్తాను. పేజీలో వెతకడానికి `Ctrl+F`. రంగూ సైజూ లేకుండా ఉత్త అక్షరాలు అతికించడానికి `Ctrl+Shift+V`. ఒక మాట మొత్తం చెరపడానికి `Ctrl+Backspace`. మూసిన ట్యాబుకు `Ctrl+Shift+T`. మా టికెట్ల పేజీలో పరీక్షించాను, ట్యాబు వస్తుంది కానీ రాసిన నోట్సు రావడం లేదు. సీటు వదిలేటప్పుడు `Win+L`. దీనికి నా గీతల్లో ఒక్కటి కూడా లేదు, కానీ తాళం వేయకుండా లేచినందుకు పోయిన నెల ఇద్దరికి మెమో వచ్చింది.

ఇవి తొమ్మిది. పదోది తెర బొమ్మ తీసే `Win+Shift+S` పెట్టాలా, ఎక్సెల్‌లో సమయం వేసే `Ctrl+Shift+;` పెట్టాలా?

కాగితం_నిషేధం
తెర బొమ్మ వద్దు. కస్టమరు వివరాలున్న తెరను బొమ్మగా తీయడం మీ దగ్గర అనుమతించినా, దానిని ప్రోత్సహిస్తూ అచ్చు వేయడం తనిఖీకి వచ్చేవారికి నచ్చదు.

పాతహెడ్‌సెట్
పదో గడి ఖాళీగా వదిలి, ఎవరికి కావలసినది వారు రాసుకునేలా చుక్కల గీత పెట్టండి.

హోల్డ్‌లో_ఉన్నాను
ఫ్లోర్ మీద పెన్ను నిషేధం కదా, దేనితో రాయాలి?

పాతహెడ్‌సెట్
ఆ మాట నిజమే. అయితే తొమ్మిదితో ఆపేయండి, మేనేజరు లెక్కపెట్టుకోరు.

అచ్చుపని_కోటి
నేను విజయవాడలో ప్రింటింగు షాపు నడుపుతాను. ఇలాంటివి చాలా వేశాను కాబట్టి ఒకటి రెండు మాటలు చెబుతాను. మెరిసే లామినేషన్ వేయించకండి, పైన ట్యూబ్‌లైట్లు ఉండే హాలులో సగం అక్షరాలు వెలుగులో కలిసిపోతాయి. మెరుపు లేని మ్యాట్ అడగండి. బల్ల మీద పెట్టేది కీబోర్డు కిందికి చేరుతుంది, మానిటరు కింది అంచుకు అతికించేది ఎదురుగా ఉంటుంది. అందుకు ఒక జానెడు పొడవు, నాలుగు వేళ్ల ఎత్తు ఉన్న పట్టీ చాలు. అంత చోటులో తొమ్మిది గళ్లు పెట్టి, అక్షరాలు చేయి చాపినంత దూరం నుంచి చదివేటంత పెద్దవిగా ఉంచవచ్చు. మొదట ఒక్క పట్టీ మామూలు కాగితం మీద వేయించి మానిటరుకు అంటించి చూడండి, తరువాత మిగతా 17 చెప్పండి. చాలామంది ముందే అన్నీ వేయించి, తప్పు దొర్లిందని మళ్లీ వస్తారు.

పాతహెడ్‌సెట్
కోటి గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. ప్రతి గడిలో ముందు పని పేరు రాయండి, తరువాత మీటలు రాయండి. “మూసిన ట్యాబు తిరిగి కావాలి” అన్నది ఏజెంటు మనసులో మొదట వచ్చే మాట, దాని కోసమే అతని కన్ను వెతుకుతుంది. వరుస కూడా కాల్ నడిచే క్రమంలో ఉండాలి: ఎడమ చివర ఫోన్ ఎత్తడం, మధ్యలో వెతకడం, తరువాత ఫారం, కుడి చివర సీటుకు తాళం.

వైజాగ్_ఇంటినుంచి
పని పేరు తెలుగులో రాస్తారా, ఇంగ్లీషులోనా? మా దగ్గర తెలుగులో వేస్తే ఉత్తరాది నుంచి వచ్చిన ఇద్దరికి అర్థం కాలేదు, ఇంగ్లీషులో వేస్తే మిగతావారు చదవడం మానేశారు.

రాత్రిపాళీ_సారథి
మా టీములో అందరూ తెలుగువారే, కాబట్టి తెలుగులోనే వేయిస్తున్నాను. నిన్న ఒక నమూనా పట్టీ కాగితం మీద వేయించి ఆరుగురి మానిటర్లకు అంటించాను, సెక్యూరిటీ వారి ముద్ర కూడా దొరికింది. మొదటి రాత్రే ఒక లోపం బయటపడింది. నలుగురి యంత్రాలలో టాస్క్‌బార్‌లో మొదటి చోట క్రోమ్ పిన్ అయి ఉంది, అందువల్ల `Win+1` నొక్కితే సాఫ్ట్‌ఫోన్ బదులు క్రోమే వచ్చింది. ఐటీ వారికి టికెట్టు పెట్టాను. అది సరయ్యాక, రెండు వారాలు ఆగి, మొదట గీతలు గీసిన ఆ నలుగురి పక్కనే కూర్చుని మళ్లీ గీస్తాను.

హోల్డ్‌లో_ఉన్నాను
ఈసారి ఆ నలుగురి పక్కనే కాకుండా, పట్టీ అంటించని వాళ్ల పక్కన కూడా కూర్చోండి. లేకపోతే మీరు పక్కన ఉన్నారని బుద్ధిగా మీటలు నొక్కినది, నిజంగా అలవాటైనది ఒకేలా కనిపిస్తాయి.